మాన్‌స్టెరా ఊడలు, మాడిన ఆకు అంచులు: ఏది కోయాలి, దేనికి ఊతమివ్వాలి, ఏది వదిలేయాలి

మాన్‌స్టెరా డెలిసియోసా నాలుగైదేళ్లు పెరిగేసరికి రెండు మార్పులు కనిపిస్తాయి. కాండం నుంచి గోధుమరంగు ఊడలు బయటికి వచ్చి గాల్లో వేలాడతాయి. కింది ఆకుల అంచులు మాడి కరకరలాడుతుంటాయి. చాలామంది ఆ రెండింటినీ ఒకేసారి కత్తిరించి మొక్కను శుభ్రం చేస్తారు. నెల తిరిగేసరికి మిగిలిన ఆకులూ మాడడం మొదలవుతుంది. మాడడానికి కారణం కుండీలోనో ఎండలోనో ఉండిపోయింది, ఆ కారణాన్ని చదవడానికి పనికొచ్చే ఆనవాళ్లు మాత్రం చెత్తబుట్టలోకి వెళ్లిపోయాయి.

అందుకే ఈ పనికి వరుస ముఖ్యం. ముందు మాడిన తీరు చదవాలి, తర్వాత కారణాన్ని ఆపాలి, ఆపైన ఊతం కట్టాలి. కత్తెర అన్నిటికంటే చివర.

ఉదాహరణకు ఒక మొక్కను తీసుకుందాం. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్, పడమటి బాల్కనీ, 12 అంగుళాల కుండీ. తొమ్మిది ఆకులు, ఏడు ఊడలు. కాండం రెండున్నర అడుగుల పొడవుండి రెయిలింగ్ వైపు ఒరిగింది. కింది నాలుగు ఆకుల అంచులు మాడాయి. పైన రెండు ఆకుల మీద పెద్ద మచ్చలున్నాయి. చూడ్డానికి ఇదంతా ఒకటే జబ్బులా ఉంటుంది, కానీ ఇక్కడున్నవి రెండు.

మొదటి అడుగు: మాడిన తీరు చదవడం

పై ఆకుల మచ్చలు ముందు చూడండి. ఎండ దెబ్బ ఆకు అంచుకోసం వెతకదు, ఎండ నేరుగా పడిన చోటల్లా పడుతుంది. ఆకు మధ్యలో, పైకి ఉబ్బిన భాగం మీద, తెల్లబారిన లేత గోధుమరంగు మచ్చ, ఎండిన కాగితంలా పలచగా ఉంటుంది. పక్క ఆకు నీడ పడినంత మేర పచ్చగానే ఉండి, ఆ నీడ అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇది ఒకటి రెండు మధ్యాహ్నాల్లో వచ్చేస్తుంది, ఎండ తప్పిస్తే అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడ దిక్కుల లెక్క ఒకటి గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఉదయం, సాయంత్రం ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. ఏడాదంతా నీడగా ఉన్న ఉత్తరపు బాల్కనీలోకి కూడా ఆ నెలల్లో నేరుగా ఎండ వస్తుంది. “చోటు మార్చలేదు, అయినా మాడింది” అనేవాళ్ల మొక్కలు చాలావరకు అలా మాడినవే.

కింది ఆకుల సంగతి వేరు. అక్కడ మాడింది అంచే. కొసల దగ్గర మొదలై లోపలికి జరుగుతుంది. గోధుమరంగుకూ పచ్చదనానికీ మధ్య సన్నటి పసుపు గీత ఉంటుంది. పాత ఆకులకు ముందు వస్తుంది, వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. కుండీ అంచు మీదా మట్టి పైనా తెల్లటి పొరలా పేరుకుని ఉంటే అది ఉప్పే. వేళ్లు పీల్చిన నీళ్లు ఆకు చివరిదాకా వెళ్లి ఆవిరవుతాయి, నీళ్లలోని లవణాలు మాత్రం ఆ అంచు దగ్గరే మిగిలిపోతాయి. బాగా నీళ్లు తాగిన మర్నాడు పొద్దున్నే మాన్‌స్టెరా ఆకు కొసల్లో నీటి బొట్లు వేలాడుతుంటాయి. ఆ బొట్టు ఆరిన చోట తెల్ల మరక మిగిలితే అందులోనూ లవణం ఉన్నట్టే.

మూడో రకం కూడా ఉంది: మరీ ముదురు గోధుమ, దాదాపు నలుపు, వేలితో నొక్కితే మెత్తగా, చుట్టూ వెడల్పైన పసుపు. కుండీలో మట్టి వారమైనా తడి ఆరదు, వాసన వస్తుంది. అది వేరుకుళ్లు. అలాంటి మొక్కను కుండీలోంచి తీసి, కుళ్లిన వేళ్లు కోసి, కొత్త మట్టిలో పెట్టాలి. కింది అడుగుల్లో చెప్పే నీళ్ల పని దానికి చేయకూడదు. దాని ఊడలు కూడా ఒక్కటి కోయకూడదు, ఎందుకంటే అప్పుడు మొక్కకు మిగిలిన మంచి వేళ్లు అవే కావచ్చు. అనుమానం ఉంటే వేలుతో రెండు అంగుళాల లోతు తడి చూసి, కుండీని కొంచెం వంచి అడుగు రంధ్రాల దగ్గర వాసన చూడండి.

చదివింది సరైందో కాదో తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయండి. కింది ఆకుల్లో ఒకదాన్ని ఎంచుకుని, గోధుమరంగు ఎక్కడ ఆగిందో ఆ సరిహద్దు మీద, గోధుమ భాగంలోనే, సన్నటి మార్కర్‌తో గీత గీసి తేదీ రాయండి. పది, పదిహేను రోజుల్లో గోధుమరంగు ఆ గీత దాటి పచ్చదనంలోకి వస్తే కారణం ఇంకా పనిచేస్తోందని అర్థం. అంచులు ముందే కత్తిరించేస్తే ఈ పరీక్షకు ఆధారమే ఉండదు.

రెండో అడుగు: కారణాన్ని ఆపడం

ఎండకు మందు చోటే. పడమటి బాల్కనీలో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా వచ్చే ఎండ తప్పించాలి. కుండీని మూడు, నాలుగు అడుగులు లోపలికి జరపండి, లేదా 50 శాతం షేడ్ నెట్ కట్టండి. చీకటి గదిలోకి తీసుకెళ్లడం మాత్రం తప్పు. వెలుతురు తగ్గితే కొత్త ఆకుల్లో చీలికలు తగ్గి, కణుపుల మధ్య దూరం పెరిగి, కాండం ఇంకా ఒరుగుతుంది.

కుండీ తిప్పేటప్పుడు కూడా జాగ్రత్త. ఇన్నాళ్లూ గోడ వైపున్న ఆకులు నీడకు అలవాటుపడినవి. వాటిని ఒక్కసారిగా ఎండవైపు తిప్పితే అవే మాడతాయి. కుండీ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని, జరిపినా ముఖం అటే ఉంచండి.

ఉప్పుకు కారణం నీళ్లలో వెతకాలి. బోరు నీళ్ల మీద ఆధారపడ్డ అపార్ట్‌మెంట్లలో రెండు అలవాట్లు మొక్కను మాడుస్తాయి. ఒకటి, ఆర్‌వో వృథా నీళ్లు పారబోయలేక కుండీల్లో పోయడం. ఫిల్టర్ మంచినీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ వృథా నీళ్లలోనే, కాబట్టి అవి కుళాయి నీళ్లకంటే ఉప్పగా ఉంటాయి. ఇల్లు తుడవడానికి వాడండి, మాన్‌స్టెరాకు వద్దు. రెండోది, వాటర్ సాఫ్ట్‌నర్ గుండా వచ్చిన నీళ్లు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. సబ్బు నురగ బాగా వస్తుంది, మొక్కకు మాత్రం సోడియం పెరుగుతుంది. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి ఏదైనా ఉంటే దాని నీళ్లే పట్టండి. వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు లవణం దాదాపు లేనివి. వేసవిలో ఏసీ పైపు కింద బకెట్ పెడితే ఒక మొక్కకు సరిపోయేన్ని దొరుకుతాయి.

ఇప్పుడు కుండీ కడగాలి. 12 అంగుళాల కుండీలో సుమారు 15 లీటర్ల మట్టి పడుతుంది. దానికి రెట్టింపు, అంటే 30 లీటర్లు, రెండు బకెట్ల మంచినీళ్లు కావాలి. కుండీని పళ్లెం లోంచి తీసి బాత్రూంలోనో, నీళ్లు పోయే చోటనో పెట్టండి. మట్టిపైన తెల్లపొర ఉంటే అర అంగుళం మేర గీకి పారేయండి. మగ్గుతో నెమ్మదిగా, ఒక్కో మగ్గు ఇంకాక ఇంకోటి, అరగంట పట్టేలా పోయండి. గబగబా కుమ్మరిస్తే నీళ్లు కుండీ గోడల వెంట జారిపోయి మధ్య మట్టి పొడిగానే ఉంటుంది. పళ్లెంలో చేరిన నీళ్లలో కుండీని మళ్లీ ఉంచకండి, కడిగిన ఉప్పు తిరిగి పైకెక్కుతుంది.

ఇంట్లో టీడీఎస్ మీటర్ ఉంటే ఈ పని గుడ్డిగా చేయనక్కర్లేదు. పోసే నీళ్లు కొలవండి, కుండీ అడుగున మొదట కారిన నీళ్లు కొలవండి. పోసినవి 300 ఉండి కారినవి 1,500 చూపిస్తే కుండీలో ఉప్పు పేరుకున్నట్టే. కారే నీళ్ల అంకె పోసే నీళ్ల అంకెకు దగ్గరగా దిగేదాకా పోయడమే కొలమానం. కడిగిన తర్వాత పై రెండు అంగుళాల మట్టి ఆరేదాకా నీళ్లు పట్టకండి. నెల రోజులు ఎరువు ఆపండి. ఆ తర్వాత 19-19-19 లాంటిది లీటరుకు ఒక గ్రాము లోపే, నెలకోసారి, అదీ తడి మట్టిలో పోయండి.

కొత్తగా మట్టి మార్చిన కుండీలో ఉప్పు కనిపిస్తే కోకోపీట్‌ను అనుమానించండి. సరిగా కడగని కోకోపీట్‌లో సోడియం, పొటాషియం లవణాలు ఉండిపోతాయి. నానబెట్టి రెండు మూడుసార్లు పిండి వాడాలి.

మూడో అడుగు: ఊతం కట్టడం

మాన్‌స్టెరా సొంతిల్లు దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న అడవులు. అక్కడ అది చెట్టు బోదెను పట్టుకుని ఎక్కుతుంది. ఊడలు ఉన్నది అందుకే: కొన్ని పట్టుకోవడానికి, కొన్ని నేలదాకా దిగి నీళ్లు తాగడానికి. కాబట్టి ఊడ కనిపించగానే కుండీ చాల్లేదని అనుకోనక్కర్లేదు. కుండీ చాలకపోతే వేళ్లు అడుగు రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి.

కర్ర ఏవైపు దించాలో ఊడలే చెబుతాయి. కాండాన్ని దగ్గరగా చూడండి: ఆకు కాడలు వెలుతురు వైపు, ఊడలు దాని వెనక వైపు వస్తుంటాయి. ఆ వెనకే కర్ర ఉండాలి. అందం కోసం ముందు వైపు పెడితే మొక్క ఎప్పటికీ దాన్ని పట్టుకోదు.

ఈ మొక్కకు నాలుగడుగుల కొబ్బరి పీచు కర్ర సరిపోతుంది. కాండానికి రెండు అంగుళాల దూరంలో, ఎనిమిది అంగుళాల లోతుకు దించండి. లోపల గట్టిగా తగిలితే అది వేళ్ల ముద్ద, బలంగా పొడవకుండా ఓ అంగుళం పక్కకు జరిపి చూడండి. ఎటూ దిగకపోతే మట్టి మార్చేదాకా ఆగి అప్పుడు పెట్టడమే మేలు. తాత్కాలికంగా కుండీ బయట రెండు వెదురు కర్రలు కట్టి కాండాన్ని నిలపవచ్చు.

ఒరిగిన కాండాన్ని ఒక్కరోజులో నిటారు చేయాలని చూడకండి. కింది భాగం ముదిరి కట్టెలా ఉంటుంది, వంచితే కణుపు దగ్గర చిట్లుతుంది. పై రెండు మూడు కణుపులే వంగుతాయి. నీళ్లు పట్టబోయే ముందు, మట్టి ఆరి ఉన్నప్పుడు కట్టండి, అప్పుడు కాండం కొంచెం సడలి ఉంటుంది. పాత నూలు చీరను అంగుళం వెడల్పు పేలికలుగా చింపి, కాండానికీ కర్రకీ మధ్య ఎనిమిది అంకె ఆకారంలో చుట్టండి, ముడి కర్ర వైపు వేయండి. చిటికెన వేలు దూరేంత వదులు ఉండాలి. వారానికోసారి కాస్త కాస్త బిగిస్తూ మూడు, నాలుగు వారాల్లో కర్రకు చేర్చండి.

కట్టాల్సింది కాండాన్నే, ఆకు కాడను కాదు. కాడ చివర, ఆకు మొదలయ్యే చోట మోకాలు లాంటి చిన్న ఉబ్బు కనిపిస్తుంది. వెలుతురు వైపు ఆకు తిరిగేది దాని మీదే. కాడను కర్రకు కట్టేస్తే ఆకు తిరగలేక వంకరగా ఉండిపోతుంది, కాడ ఒరుసుకుపోయి మచ్చపడుతుంది. ఊతం కట్టిన మొదటి వారం ఆకులన్నీ తలోదిక్కూ చూస్తూ అస్తవ్యస్తంగా కనిపిస్తాయి. రెండు మూడు వారాల్లో అవే సర్దుకుంటాయి. ఏ ఆకు అడ్డమో ఏది కాదో ఆ తర్వాతే తెలుస్తుంది కాబట్టి, కోతకు ముందు ఊతం.

పీచు కర్ర మీద నీళ్లు చిలకరిస్తే పైపైన తడిసి గంటలో ఆరిపోతుంది. ఊడలు అందులోకి దిగాలంటే పైనుంచి నెమ్మదిగా పోస్తూ లోపలిదాకా తడపాలి, వేసవిలో రోజూ. అంత వీలుకాకపోయినా నష్టం లేదు. ఎండిన కర్ర కూడా బరువు మోస్తుంది, నీళ్ల సంగతి కుండీలోని వేళ్లు చూసుకుంటాయి.

నాలుగో అడుగు: ఒక్కో ఊడకు ఒక్కో నిర్ణయం

ఏడు ఊడల్నీ ఒక గాటన కట్టకుండా, ఏది ఎటు పోతోందో చూడండి.

కింది రెండు ఊడలు కుండీ అంచుదాకా వచ్చాయనుకుందాం. వాటిని మట్టిలోకి మళ్లించాలి. ముదురు ఊడ బయటికి బిరుసుగా ఉండి పుల్లలా విరుగుతుంది. తడిగుడ్డ చుట్టి ఒక రాత్రి ఉంచితే మెత్తబడుతుంది. మర్నాడు పెద్ద వంపుతో తిప్పి, కొసను రెండు అంగుళాల లోతు గుంటలో పెట్టి, హెయిర్‌పిన్‌లా వంచిన తీగతో మట్టికి గుచ్చండి. కొస లేత రంగులో, నిగనిగలాడుతూ ఉంటే అది పెరుగుతున్న ఊడ. మట్టి తగిలాక పక్క వేళ్లు తొడుగుతుంది. బాగా పొడవైన ఊడను చుట్టలు చుట్టి మట్టిలో కుక్కితే ఆ ముద్దలో గాలాడక కుళ్లే ప్రమాదం ఉంది. కొస ఒక్కటి దించి మిగతాది పైన వదిలేయండి.

కర్ర ఎత్తులో వెనకవైపు వచ్చిన మూడు ఊడలు కర్రకు ఆనేలా పేలికతో వదులుగా కట్టి వదిలేయండి. వీటిని ఎప్పుడూ కోయవద్దు. మొక్కను కర్రకు నిలబెట్టేవి ఇవే. రేపు కాండం పొడవెక్కి పై భాగాన్ని కోసి వేరే కుండీలో నాటాలనుకున్నా, కణుపుతో పాటు ఇలాంటి ఊడ ఉన్న ముక్కే త్వరగా నిలదొక్కుకుంటుంది.

మిగిలిన రెండూ నడిచే దారిలోకి వేలాడుతున్నాయి. ఒకటి గోడ రంగును పట్టుకోవడం మొదలుపెట్టింది. కుండీలో వేళ్లు ఆరోగ్యంగా ఉన్న మొక్కకు వీటిని కోయడం వల్ల ఏమీ కాదు. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో, కాండానికి అర అంగుళం వదిలి కోయండి. గోడను పట్టిన దాన్ని లాగితే రంగు పెచ్చు ఊడుతుంది. కాండం వైపు కోసి, గోడ మీద ముక్కను ఎండాక గీకండి. ఒక విడతలో రెండుకు మించి వద్దు. అదే చోటి నుంచి కొత్త ఊడ రావచ్చు, వస్తే ఈసారి లేతగా ఉన్నప్పుడే కర్రవైపు తిప్పుకోవచ్చు.

కొస నల్లగా ఎండిన ఊడను మాత్రం మొత్తంగా తీయనక్కర్లేదు. వెనక భాగం గట్టిగా ఉంటే వదిలేయండి, అక్కడినుంచి పక్క వేరు పుట్టే అవకాశం ఉంది. మెత్తబడి చెమ్మగిల్లితేనే గట్టి భాగం దాకా కోసేయండి.

మాన్‌స్టెరా చేమ, కంద కుటుంబానిదే. చేమదుంప తరిగితే చేతులు దురదపెట్టినట్టే దీని రసమూ దురదపెడుతుంది. చేతి తొడుగులు వేసుకోండి, కోసిన ముక్కలు పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా పారేయండి.

చివరి అడుగు: ఆకుల కోత

మాడిన భాగం మళ్లీ పచ్చబడదు. అయినా మిగిలిన పచ్చని భాగం పనిచేస్తూనే ఉంటుంది, మొక్కకు అన్నం వండిపెడుతూనే ఉంటుంది. సగానికి పైగా పచ్చగా ఉన్న ఆకును ఉంచాలి. ఈ మొక్కలో పై రెండు ఆకులు ఎండదెబ్బ తిన్నా మూడొంతులు పచ్చగానే ఉన్నాయి, ఉంచండి. కింది నాలుగింటిలో మూడు అంచుల్లోనే మాడాయి, అవీ ఉంటాయి. మిగిలిన ఒకటి సగానికి మించి ఎండి, తక్కినది పసుపుగా మారుతోంది. తీయాల్సింది అదొక్కటే. తొమ్మిదిలో ఆరు మచ్చపడిన ఆకులున్నాయని ఆరూ తీసేస్తే మూడు ఆకులతో మొక్క నెలల తరబడి కుంటుతుంది.

ఆకు తీసేటప్పుడు కాడను కాండానికి అంగుళం వదిలి కోయండి. మిగిలిన మొండెం రెండు మూడు వారాల్లో ఎండి చేత్తో తీస్తే వచ్చేస్తుంది. కాండానికి ఆనించి కోస్తే ఆ కణుపులో నిద్రపోతున్న మొగ్గ తెగిపోవచ్చు. గాయానికి పసుపు అద్దడం కొందరికి అలవాటు. అవసరం లేదు, రెండు రోజులు దాని మీద నీళ్లు పడకుండా చూస్తే చాలు.

ఒక ఆకును మాత్రం ఎంత మాడినా మొదలంటా కోయకూడదు: అన్నిటికంటే కొత్తది. తర్వాత రాబోయే ఆకు దాని కాడలోని గాడిలోంచే చుట్టచుట్టుకుని బయటికి వస్తుంది. ఆ కాడను కింద కోస్తే పెరిగే కొసే పోతుంది. ఆకు భాగం మరీ వికారంగా ఉంటే ఆకు మాత్రం తీసి కాడను వదిలేయండి, తర్వాతి ఆకు పూర్తిగా విచ్చుకున్నాక కాడను తీయవచ్చు.

ఉంచిన ఆకుల అంచులు సరిచేయాలంటే పదునైన చిన్న కత్తెరతో ఆకు వంపు వెంటే కత్తిరించండి. పచ్చదనంలోకి కత్తెర పోకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల గోధుమ గీత మిగలాలి. పచ్చని భాగాన్ని కోస్తే ఆ కొత్త గాయం అంచు మళ్లీ ఎండి గోధుమ గీతే వస్తుంది, ఆకు మరికాస్త చిన్నదవుతుంది. ఇది కంటికి బాగుండడానికే, మొక్కకు లాభమూ నష్టమూ లేదు.

ఇది ఎప్పుడు చేయాలో మార్కర్ గీత చెబుతుంది. కుండీ కడిగిన నెలకు కూడా గోధుమరంగు గీత దాటకపోతే కోయవచ్చు. కొత్త ఆకును కూడా చూడండి, అయితే మొదటి ఆకుతో తీర్పు చెప్పకండి. అది చుట్టగా ఉన్నప్పుడే ఉప్పు దెబ్బ తగిలి ఉండవచ్చు, గోధుమ కొసతో విచ్చుకోవచ్చు. వానాకాలంలో నెలకో నెలన్నరకో ఒక ఆకు వస్తుంది కాబట్టి రెండో ఆకు కోసం ఆగండి. అది శుభ్రమైన అంచుతో విచ్చుకుంటే నీళ్ల లెక్క కుదిరినట్టు. రెండోది కూడా కొస మాడి వస్తే కత్తెర పక్కన పెట్టి, కుండీ అడుగున కారే నీళ్లను మళ్లీ కొలవండి.